ఒప్పుకున్న స్కాలర్‌షిప్‌ను వదులుకోవడం: ఒక ట్రస్టుతో నడిచిన కేసు

గుంటూరు వైపు డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు విదేశీ చదువుల స్కాలర్‌షిప్పుల విషయంలో సలహాలివ్వడం నా పని. ఒక దాతకు సరేనని సంతకం పెట్టాక అంతకంటే పెద్ద అవకాశం రావడం ప్రతి ఏడూ ఎవరో ఒకరికి జరుగుతుంది. అప్పుడు అందరూ నన్ను అడిగేది ఒక్కటే: "సార్, నొప్పించకుండా ఎలా రాయాలి?" నా అనుభవంలో దాతను ఎక్కువగా నొప్పించేది ఉత్తరంలోని మాటలు కావు. ఆ ఉత్తరం ఆలస్యంగా రావడం, వచ్చినా అందులో డబ్బు సంగతి తేలకపోవడం. 2025 వేసవిలో జరిగిన ఈ కేసులో ఆ రెండూ ముందుకొచ్చాయి. ఆ కుటుంబం, ట్రస్టు అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆ అమ్మాయి ఫుడ్ టెక్నాలజీ చదివింది. జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ సీటు వచ్చింది. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు కానీ, వీసా కావాలంటే ఏడాది ఖర్చుకు సరిపడా 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున, బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపించాలి. మా ప్రాంతంలోనే ఒక రిటైర్డ్ డాక్టరుగారు నడిపే చిన్న ట్రస్టు ఆమెకు 6 లక్షల రూపాయలు మంజూరు చేసింది. సగం వెళ్లే ముందు, మిగతా సగం రెండో ఏడాది. మే నెలలో స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకున్నారు. నాన్నగారు జామీను సంతకం పెట్టారు. జూన్‌లో మొదటి విడత 3 లక్షలు వచ్చింది. దానికి ఇంట్లోవాళ్లు అప్పు తెచ్చిన డబ్బు కలిపి బ్లాక్డ్ అకౌంట్ నింపారు, వీసాకు దరఖాస్తు చేశారు.

జూలై 21న, సోమవారం, ఎరాస్మస్ ముండుస్ కార్యక్రమం నుంచి మెయిల్ వచ్చింది. ఆమె అప్పటికే రిజర్వ్ లిస్ట్‌లో ఉంది. పై వరసలో ఉన్న ఎవరో తప్పుకోవడంతో స్కాలర్‌షిప్ ఈమెకు దిగింది. ఈ కార్యక్రమానికి డబ్బిచ్చేది యూరోపియన్ యూనియన్. రెండేళ్ల కోర్సుకు నెలకు 1,400 యూరోల చొప్పున 24 నెలలు ఇస్తారు, ఫీజు కట్టక్కర్లేదు. మొత్తం లెక్కేస్తే 30 లక్షల రూపాయలు దాటుతుంది. జవాబివ్వడానికి గడువు 5 రోజులు.

ఏది మంచిదన్న ప్రశ్న ఆ ఇంట్లో రాలేదు. ట్రస్టు డబ్బుతో వెళ్తే ఇంకా పెద్ద అప్పు మిగులుతుంది, ఎరాస్మస్‌తో వెళ్తే మిగలదు. అంత తేడా ఉన్నప్పుడు మొహమాటంతో చిన్నదాన్నే పట్టుకుని ఉండమని నేను ఎవరికీ చెప్పను. మంచి దాత కూడా అది కోరుకోడు. ప్రశ్నంతా ఎప్పుడు, ఎవరు, ఏ వరసలో చెప్పాలన్నదే.

నాన్నగారి మొదటి ఆలోచన, స్పెయిన్ వీసా చేతికి వచ్చేదాకా ట్రస్టుకు చెప్పకూడదని. కోర్సు మొదటి ఏడాది స్పెయిన్‌లో. ఆ వీసా రాకపోతే రెండూ పోతాయి కదా అన్నది ఆయన భయం. అది ఉత్తి భయం కాదు. ఎరాస్మస్ రిజర్వ్ లిస్ట్ నుంచి జూలైలో పిలుపు వచ్చినవాళ్లకు వీసా సమయం నిజంగానే ఇరుకు. అందుకే ఆయన మాటను కొట్టిపారేయకుండా, అవతలి వైపు ఏం జరుగుతుందో వివరంగా కూర్చుని మాట్లాడాం.

ట్రస్టు దగ్గర కూడా రిజర్వ్‌లో ఒక పేరు ఉంది. ఆ అబ్బాయికీ అక్టోబరులో మొదలయ్యే జర్మనీ సెమిస్టరే. అతనూ బ్లాక్డ్ అకౌంట్ నింపి, వీసాకు వెళ్లాలి. జూలై చివరికి డబ్బు దొరికితే అతనికి ఆ ఏడాది చదువు దక్కే అవకాశం ఉంది. సెప్టెంబరులో దొరికితే దాదాపు లేనట్టే. ఈ అమ్మాయికి సోమవారం వచ్చిన మెయిల్ కూడా, ఎక్కడో ఎవరో సమయానికి "నేను రావడం లేదు" అని రాసినందువల్లే వచ్చింది. ఆ మాట అన్నది నేను కాదు, ఆ అమ్మాయే. నాన్నగారు ఆ తర్వాత వాదించలేదు.

ఇంకో దారి కూడా వాళ్లింట్లో చర్చకు వచ్చింది: విషయం చెప్పి, వీసా వచ్చేదాకా ఆగమని ట్రస్టును అడగడం. చూడ్డానికి నిజాయితీగానే ఉంటుంది. నేను వద్దన్నాను. దాత పెద్దమనిషి అయితే కాదనలేడు. ఆగుతాడు. ఆ ఆగడం ఖరీదు రిజర్వ్‌లో ఉన్న పిల్లవాడు కడతాడు. దాత మంచితనం మీద అంత బరువు పెట్టకూడదని నా అభిప్రాయం. రెండో స్కాలర్‌షిప్ ఖాయమని రాతలో ఉంటే, మొదటిది వదిలేయాలి. వీసా రిస్కు మనది.

అయితే "రాతలో ఉంటే" అన్న షరతును నేను గట్టిగా పట్టుకుంటాను. "మీరు ఎంపికయ్యే అవకాశం ఉంది, ఆసక్తి ఉందా?" అని అడిగే మెయిల్ వేరు, "మీకు స్కాలర్‌షిప్ ఇస్తున్నాం, ఈ తేదీలోపు అంగీకరించండి" అనే మెయిల్ వేరు. రిజర్వ్ లిస్ట్ పిలుపుల్లో మొదటి రకం కూడా వస్తుంటుంది. దాన్ని చూసి ట్రస్టుకు ఫోన్ చేసినవాళ్లు ఇబ్బంది పడతారు. ఈ అమ్మాయికి వచ్చింది రెండో రకం. మంగళవారం అంగీకార పత్రం పంపించింది. బుధవారం, 23వ తేదీన, అందినట్టూ, స్కాలర్‌షిప్ ఖరారైనట్టూ జవాబు వచ్చింది. ట్రస్టుకు ఫోన్ ఆ సాయంత్రమే చేయాలని ముందే అనుకున్నాం. మర్నాటిదాకా కూడా ఆగకూడదు, ఎందుకంటే ఊళ్లో కబురు ఆగదు. ట్రస్టు డాక్టరుగారి బంధువుల్లో ఒకరు వీళ్ల వీధిలోనే ఉంటారు. మనం చెప్పేలోపు ఇంకొకరి నోట వింటే, తర్వాత ఎంత చక్కగా రాసినా ప్రయోజనం ఉండదు.

ఫోన్ చేసే ముందు ఒప్పందం తీసి మళ్లీ చదివించాను. చాలామంది ఈ పని చేయరు. సంతకం పెట్టిన రోజు కూడా సరిగా చదివి ఉండరు. అందులో రెండు నిబంధనలు మాకు పనికొచ్చాయి. వేరే పూర్తి స్కాలర్‌షిప్ వస్తే 15 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలపాలన్నది ఒకటి. అలా తెలిపాక తీసుకున్న మొత్తాన్ని వడ్డీ లేకుండా 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలన్నది రెండోది. అంటే ట్రస్టు ఇలాంటి పరిస్థితిని ముందే ఊహించి దారి ఉంచింది. అది తెలిశాక ఆ అమ్మాయి గొంతు మారింది. మాట తప్పుతున్నానన్న టెన్షన్ పోయి, ఒప్పందంలో ఉన్నదే చేస్తున్నానన్న ధైర్యం వచ్చింది. అలాంటి నిబంధన లేని ఒప్పందాలూ ఉంటాయి. అప్పుడు వదులుకోవడానికి అనుమతి కోరుతున్నట్టు రాయాలి, తెలియజేస్తున్నట్టు కాదు.

ఈ కేసును తేలిక చేసిన మరో విషయం ఏప్రిల్‌లోనే జరిగింది. ట్రస్టు దరఖాస్తులో "ఇతర చోట్ల దరఖాస్తు చేశారా?" అన్న గడి ఉంది. చాలామంది పిల్లలు అక్కడ "లేదు" అని రాస్తారు, వేరేచోట ఆశ ఉందంటే ఇవ్వరేమోనని. ఈ అమ్మాయి "ఎరాస్మస్ ముండుస్, రిజర్వ్ లిస్ట్‌లో ఉన్నాను" అని రాసింది. ఇంటర్వ్యూలో డాక్టరుగారు అడిగితే అదే చెప్పింది. జూలైలో వచ్చిన వార్త ఆయనకు సంతోషమో, బాధో అయి ఉండొచ్చు కానీ, మోసం మాత్రం అనిపించలేదు. ఆ గడి "లేదు" అని నింపి ఉంటే నేను ఇదే ఉత్తరం రాయించినా ఆయన చదివే తీరు వేరుగా ఉండేది.

ఫోన్ ఎవరు చేయాలి? నాన్నగారు తాను చేస్తానన్నారు. మా ఇళ్లలో ఇది మామూలే, పెద్దవాళ్ల మధ్య మాట అని. కానీ ట్రస్టు ఎంపిక చేసింది కూతుర్ని. ఇంటర్వ్యూలో కూర్చున్నది ఆమె. ఆమే మాట్లాడాలి, తర్వాత కావాలంటే నాన్నగారు అందుకోవచ్చు. బంధువుల్లో ఒకరు "ఇంట్లో ఆరోగ్యం బాగోలేదని చెప్పండి, ఆయన ఏమీ అనరు" అని సలహా ఇచ్చారు. ఆ మాట ఎందుకు వద్దో నేను చెప్పే అవసరం రాలేదు. ఆమె వెంటనే కాదంది. స్పెయిన్‌లో దిగిన ఫొటో ఒక్కటి చాలు ఆ అబద్ధం బయటపడడానికి.

ఆమె ఫోన్‌లో మాట్లాడింది ఇంచుమించు ఇలా. "నమస్కారం డాక్టరుగారూ, ఇంటర్వ్యూలో మీకు చెప్పిన ఎరాస్మస్ స్కాలర్‌షిప్ ఇవాళ ఖాయమైందండీ. అందుకని మీరిచ్చినది వదులుకుంటున్నాను. వేరేవాళ్లకు ఇవ్వడానికి మీకు వ్యవధి ఉండాలని వెంటనే చేస్తున్నాను. డబ్బు తిరిగి ఎప్పుడు ఇస్తామో రేపు ఉత్తరంలో తేదీలతో రాస్తానండీ."

ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత "సంతోషమమ్మా" అన్నారు. ఆ వెంటనే, "ఇంకో కుర్రాడు ఉన్నాడు. వాడికి ఆగస్టు మొదటి వారంలో డబ్బు కావాలి. నీ మూడు లక్షలు అప్పటికి వస్తాయా?" అని అడిగారు. చాలామంది కుటుంబాలు ఊహించని ప్రశ్న ఇది. చిన్న ట్రస్టులకు పక్కన పెట్టిన నిధి అంటూ పెద్దగా ఉండదు. ఒకరికి ఇచ్చింది వెనక్కి వస్తేనే ఇంకొకరికి ఇవ్వగలరు. దానికి తోడు, పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక ట్రస్టు తన ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఏడాదే తన లక్ష్యాలకు ఖర్చు చేసి చూపించాలి. ఇచ్చిన డబ్బు అదే ఆర్థిక సంవత్సరంలో, అందులోనూ ముందుగా తిరిగొస్తే ఇంకొకరికి ఇచ్చి లెక్క సరిచేసుకుంటారు. మార్చి దగ్గర తిరిగొస్తే అది వాళ్లకు తలనొప్పి.

ఒప్పందం ప్రకారం మాకు 30 రోజులు ఉన్నాయి. ఆయన అడిగింది రెండు వారాల్లోపు. హక్కు ప్రకారం కాదనొచ్చు. కానీ ఆయన ఉద్దేశం ఆ కుర్రాడి వీసా అని తెలిశాక కాదనడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. ఇబ్బంది ఏమిటంటే, ఆ డబ్బు జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌లో ఇరుక్కుని ఉంది.

ఈ ఇరుకు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జర్మనీ వెళ్లే పిల్లల విషయంలో ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. బ్లాక్డ్ అకౌంట్ మన పేరు మీదే ఉన్నా, అందులోని డబ్బును మనం అడిగినప్పుడు వెనక్కి ఇవ్వరు. వీసా తిరస్కరించారన్న పత్రమో, లేదా వీసా దరఖాస్తు వెనక్కి తీసుకున్నారని, ఇక ఆ డబ్బు ఆపి ఉంచక్కర్లేదని జర్మన్ దౌత్య కార్యాలయం ఇచ్చే పత్రమో చూపించాలి. అంటే ముందు వీసా దరఖాస్తు ఉపసంహరించుకోవాలి. ఆ నిర్ధారణ వచ్చాక అకౌంట్ కంపెనీకి పంపాలి. వాళ్లు పరిశీలించి, యూరోలను మళ్లీ రూపాయల్లోకి మార్చి పంపుతారు. ఇదంతా వారాల పని. వెళ్లేటప్పుడు ఒక మారకం రేటు, వచ్చేటప్పుడు ఇంకో రేటు, మధ్యలో బ్యాంకు చార్జీలు. వేసినంత తిరిగి రాదు. పైగా స్పెయిన్ వీసాకు పాస్‌పోర్టు కావాలి, అది జర్మన్ వీసా దరఖాస్తుతో పాటు వెళ్లి ఉంది. అందువల్ల ఉపసంహరణ లేఖ గురువారం ఉదయమే పంపించాం. రెండు పనులకూ తాళంచెవి అదే.

మారకంలో పోయిన డబ్బు ఎవరు భరించాలి? ట్రస్టు ఇచ్చింది రూపాయల్లో 3 లక్షలు. తిరిగి వెళ్లాల్సిందీ 3 లక్షలే. చార్జీలు తీసేసి పంపుతామని అడగడం కూడా సరికాదు. ఎక్కువ లాభం మనకు వచ్చింది, ఆ కొన్ని వేల నష్టం మనదే.

మరి నగదు? ఇక్కడ ఎరాస్మస్ డబ్బు ఆదుకోదు. నెలకు 1,400 యూరోలు పెద్ద మొత్తమే కానీ, టికెట్టుకూ వీసాకూ విడిగా ఏమీ ఇవ్వరు, అన్నీ అందులోనే. ఆ డబ్బు మొదలయ్యేది కూడా సాధారణంగా అక్కడికి చేరి, నమోదు చేసుకుని, బ్యాంకు ఖాతా తెరిచాకే. కాబట్టి ఆగస్టులో ఈ ఇంటికి మూడు వైపులా ఖర్చు: ట్రస్టుకు 3 లక్షలు, విమానం టికెట్టు, స్పెయిన్‌లో మొదటి కొన్ని వారాల ఖర్చు. రావాల్సినది బ్లాక్డ్ అకౌంట్ నుంచి, ఎప్పుడో తెలియదు. చేతిలో ఉన్న లక్ష వెంటనే ఇచ్చి, మిగతా 2 లక్షలకు అమ్మగారి నగలు తాకట్టు పెట్టి, బ్లాక్డ్ అకౌంట్ డబ్బు రాగానే విడిపించుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం వాళ్లది. అది లేకపోతే ఒప్పందంలోని 30 రోజుల తేదీయే రాయించేవాణ్ని. నిలబెట్టుకోలేని తేదీ ఇవ్వడం కంటే అది మేలు.

గురువారం ఇచ్చిన ఉత్తరం ఇది. పేర్లు, నంబర్లు తీసేశాను.

"ట్రస్టు అధ్యక్షులు గారికి నమస్కారాలు.

విషయం: 2025 సంవత్సరపు విదేశీ విద్యా స్కాలర్‌షిప్‌ను వదులుకోవడం, మొదటి విడత తిరిగి చెల్లించడం.

మే నెలలో మీరు నాకు మంజూరు చేసిన స్కాలర్‌షిప్‌ను ఈ లేఖ ద్వారా వదులుకుంటున్నాను. నా దరఖాస్తులో తెలిపిన ఎరాస్మస్ ముండుస్ పూర్తి స్కాలర్‌షిప్ జూలై 23న ఖరారైంది. మన ఒప్పందం ప్రకారం ఈ విషయాన్ని గడువులోపు తెలియజేస్తున్నాను. ఖరారు పత్రం ప్రతి జతచేశాను.

నేను అందుకున్న 3,00,000 రూపాయల్లో 1,00,000 ఈరోజు ట్రస్టు ఖాతాకు పంపాను. మిగతా 2,00,000 ఆగస్టు 4లోగా పంపుతాను. రెండో విడత నాకు అవసరం లేదు.

మీరు జూన్‌లో డబ్బు ఇచ్చినందువల్లే నేను వీసా దరఖాస్తు దాకా వెళ్లగలిగాను. ఇంటర్వ్యూ రోజు మీరు నా ప్రాజెక్టు గురించి అడిగిన ప్రశ్నల వల్ల నేను ఏం చదవాలో నాకు మరింత స్పష్టమైంది. అందుకు మీకూ, కమిటీ సభ్యులకూ కృతజ్ఞతలు.

మొత్తం అందాక, అందినట్టు ఒక రసీదు, ఒప్పందం రద్దయినట్టు, మా నాన్నగారి జామీను ముగిసినట్టు ఒక లేఖ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

ఆమె మొదట రాసుకొచ్చిన ప్రతి రెండు పేజీలు ఉంది. అందులో మూడుసార్లు క్షమాపణ, ఎరాస్మస్ ఎంత గొప్పదో ఒక పేరా, ఉద్యోగం వచ్చాక ట్రస్టుకు విరాళం ఇస్తానన్న మాట ఉన్నాయి. క్షమాపణ మొత్తం తీసేశాం. ఒప్పందంలో ఉన్న పని చేస్తున్నప్పుడు క్షమాపణ అడిగితే, తప్పేదో జరిగిందని మనమే చెప్పినట్టవుతుంది. గొప్పతనం పేరా కూడా పోయింది. ఆయనకు కావాల్సింది అది పూర్తి స్కాలర్‌షిప్ అన్న ఒక్క వాస్తవం. నెలకు ఎంత వస్తుందో రాస్తే, తాను ఇచ్చినది చిన్నదని గుర్తుచేసినట్టు ఉంటుంది. విరాళం మాట తీసేయమన్నప్పుడు ఆమెకు నచ్చలేదు, మనస్ఫూర్తిగానే రాసింది కాబట్టి. కానీ వదులుకునే ఉత్తరంలో అది పరిహారం ఇవ్వజూపినట్టు వినిపిస్తుంది. ఇవ్వాలనుకుంటే ఇచ్చే రోజున ఇవ్వొచ్చు, ముందు చెప్పక్కర్లేదు.

కృతజ్ఞత పేరాలో మాత్రం ఇంకా రాయమన్నాను. "మీ సహాయం మరువలేనిది" అని ఎవరైనా రాస్తారు. జూన్‌లో ఆ డబ్బు ఏ పనికి ఉపయోగపడిందో, ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న గుర్తుందో రాస్తే ఆ మాట ఆయనకే చెందుతుంది. పోటీగా మొత్తం పెంచమని అడగడం, కొంత డబ్బు టికెట్టుకు ఉంచుకోనివ్వమనడం, వచ్చే ఏడాదికి వాయిదా వేయమనడం, ఈ మూడింటి జోలికీ పోలేదు. ట్రస్టు కమిటీ సమావేశంలో చదివి ఫైల్లో పెట్టాల్సిన కాగితం కాబట్టి వాట్సాప్ సందేశంతో సరిపెట్టలేదు. సంతకం పెట్టిన ప్రతి ఇచ్చి, స్కాన్ మెయిల్ చేశాం.

ట్రస్టుకు సిఫారసు లేఖ ఇచ్చిన ఆమె ప్రొఫెసర్‌కు కూడా ఆ బుధవారం రాత్రే ఫోన్ చేయించాను. ఆయన మాట మీద ట్రస్టు ఈమెను నమ్మింది. వచ్చే ఏడాది ఆయన ఇంకో విద్యార్థికి రాస్తే ఆ మాటకు విలువ ఉండాలి. జర్మనీ విశ్వవిద్యాలయానికి సీటు వదులుకుంటున్నట్టు రెండు వాక్యాల మెయిల్ సరిపోయింది.

ఆగస్టు 4న మిగతా 2 లక్షలు వెళ్లాయి. పాస్‌పోర్టు చేతికి వచ్చిన వెంటనే స్పెయిన్ వీసాకు వేశారు. అది రావడానికి చివరిదాకా టెన్షన్ పెట్టింది, ఆమె తరగతులు మొదలైన కొన్ని రోజులకు చేరింది. కోర్సు నిర్వాహకులకు ముందే రాసి ఆలస్యానికి అనుమతి తీసుకున్నాం. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు ఆగస్టు చివర్లో, కొన్ని వేలు తగ్గి వచ్చింది. నగలు విడిపించారు.

రసీదు వెంటనే వచ్చింది కానీ జామీను ముగిసిన లేఖ రాలేదు. పెద్దవాళ్లను కాగితం అడిగితే అనుమానించినట్టు ఉంటుందని నాన్నగారు ఆగిపోయారు. నేను మళ్లీ అడిగించాను. డబ్బు కట్టేసిన సంగతి ఇవాళ అందరికీ గుర్తుంటుంది. నాలుగేళ్ల తర్వాత కమిటీ మారితే, ఫైల్లో సంతకాలున్న ఒప్పందం మాత్రమే కనిపిస్తుంది. డాక్టరుగారు ఏమీ అనుకోలేదు. సెప్టెంబరులో లేఖతో పాటు, అడ్డంగా గీత కొట్టి రద్దు అని రాసిన స్టాంపు పేపరు కూడా పంపించారు. ఈ రెండూ చేతికొచ్చాకే కేసు ముగిసినట్టు నేను లెక్క వేసుకుంటాను.

ఇదే పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. అమెరికా విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ, మాస్టర్స్ ఫెలోషిప్పుల విషయంలో ఏప్రిల్ 15 అన్న ఉమ్మడి తేదీని ఒక తీర్మానంగా పెట్టుకున్నారు. ఆ తీర్మానాన్ని పాటించే విశ్వవిద్యాలయాల్లో ఆ రోజు వరకు, ఒప్పుకున్న ఫెలోషిప్‌ను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. అది దాటాక ముందు ఆ విశ్వవిద్యాలయంతో మాట్లాడి తేల్చుకోకుండా రెండోదానికి సంతకం పెట్టకూడదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల్లో బాండు నిబంధనలు ఎలా ఉంటే అలాగే నడవాలి, ఫోన్‌లో దొరికే మంచి మాటకు అక్కడ విలువ లేదు. ఇక కోర్సులో చేరి, దాత డబ్బుతో కొన్ని నెలలు చదివాక వదిలేయాల్సి వస్తే, ఎంత తిరిగి ఇవ్వాలన్నది ఇంత సులువుగా తేలదు. అలాంటి కేసులో ఉత్తరం కంటే ముందు ట్రస్టుతో కూర్చుని లెక్క రాసుకోవాలి, ఆ లెక్క మీద ఇద్దరూ సంతకం పెట్టాలి.